హిమోగ్లోబిన్ పెరిగిందని ఊరుకోవద్దు

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన రిపోర్టులు రెండూ కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. మొదటిదానిలో మీ నాన్నకి హిమోగ్లోబిన్ 9.2. రెండు నెలలు ఐరన్ మాత్రలు వేసుకున్నాక 11.4. "పెరిగిందిగా పెద్దమ్మా, ఇంక టెన్షన్ లేదు" అన్నావు. కారే ట్యాంకుకి మోటారు వేసినా నీళ్లు పెరుగుతాయిరా. చిల్లు ఎక్కడుందో మాత్రం తెలియదు.

మొదటి రిపోర్టులో ఇంకో అంకె ఉంది, నువ్వు చూసి ఉండవు. ఫెరిటిన్ 8. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది అదే. అంత తక్కువుందంటే నిల్వ అడుగంటిందన్నమాట. మీ నాన్నకి 58 ఏళ్లు, ఆదివారం మాంసం లేకపోతే అన్నం దిగదు. ఆడవాళ్లకైతే నెలసరి అనుకోవచ్చు. మరి ఆయనకి ఐరన్ ఎటు పోతోంది?

లెక్క చెబుతా విను. తిండి నుంచి మనకి పట్టే ఐరన్ రోజుకి ఒకటి, మహా అయితే రెండు మిల్లీగ్రాములు. ఒక మిల్లీలీటరు నెత్తురులో అర మిల్లీగ్రాము ఉంటుంది. అంటే పేగులో రోజూ రెండు టీస్పూన్ల నెత్తురు కారినా, ఒంటికి పట్టేదానికంటే పోయేదే ఎక్కువ. అంత కొంచెం మలంలో కలిసిపోతే కంటికి కనపడదు. పెద్దపేగు కుడివైపు గడ్డ ఉంటే తరచూ ఇలాగే జరుగుతుంది. అక్కడ పేగు వెడల్పు, మలం పలచగా ఉంటుంది కాబట్టి అడ్డమూ పడదు, నొప్పీ ఉండదు. మనిషి మెట్లెక్కితే ఆయాసపడతాడు, మొహం పాలిపోతుంది, అంతే. ఎడమవైపైతే పేగు ఇరుకు. కొన్నాళ్లు మలబద్ధకం, మళ్లీ విరేచనాలు, వెళ్లొచ్చినా పూర్తిగా కాలేదనిపించడం. సంక్రాంతి నుంచి మీ నాన్న చెబుతున్నది ఇదే కదా.

ఆయన మాత్రం "నాకు పైల్స్ ఎప్పట్నుంచో ఉన్నాయి" అంటున్నాడు. ఉండొచ్చు. పైల్స్ నెత్తురు ఎర్రగా, మలం పైన చారలా, లేదా చివర్లో చుక్కలుగా పడుతుంది. నెలల తరబడి విరేచనం తీరు మారడానికి అది కారణం కాదు. పైల్స్ ఉన్నవాడికి పైన గడ్డ ఉండకూడదని రూలేమీ లేదు. వార్డులో నేను పనిచేసిన రోజుల్లో ఎక్కువమంది ఆలస్యంగా వచ్చింది ఈ మాట వల్లే.

ఇది క్యాన్సరే అని నేననడం లేదు. ఆయన మోకాళ్లకి వేసుకునే నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండు పడి ఉండొచ్చు, కొంకి పురుగులు కావచ్చు, పేగు లోపలి గోడకి మొటిమలా పెరిగే ఉత్త పాలిప్ కావచ్చు. పాలిప్ అయితే పరీక్షలోనే కత్తిరించి తీసేస్తారు. అది గడ్డగా ముదరడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది, అందుకే ఇప్పుడు చూపించమంటున్నా.

గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లు. విజయవాడలో మీ ఇంటి దగ్గరే బోలెడుమంది ఉన్నారు, గుంటూరు రానక్కర్లేదు. రెండు రిపోర్టులూ, ఆయన వాడే మాత్రలన్నీ, నొప్పి మాత్రలతో సహా, పట్టుకెళ్లు. పై నుంచి ఎండోస్కోపీ, కింద నుంచి కొలనోస్కోపీ రెండూ అవసరమా అని అడుగు. ఈ వయసు మగవాళ్లకి ఐరన్ ఇలా తగ్గితే మామూలుగా రెండూ చేస్తారు. మలంలో దాగిన నెత్తురు పరీక్ష నెగటివ్ వచ్చిందని అక్కడితో ఆపేయొద్దు.

కొలనోస్కోపీలో కష్టమంతా ముందురోజే. ఐరన్ మాత్రలు వారం ముందు ఆపమంటారు, వాటివల్ల మలం నల్లగా జిగటగా అయి కెమెరాకి ఏమీ కనపడదు. రెండు మూడు రోజులు గోంగూర, ఆకుకూరలు, గింజలున్న పళ్లు వద్దు. తెల్లన్నం, పెరుగు చాలు. ముందురోజు డాక్టర్ చెప్పిన టైము నుంచి కొబ్బరినీళ్లలాంటి తేట ద్రవాలే. పౌడరు కలిపిన నీళ్లు లీటర్ల లెక్కన తాగాలి, ఒక్కసారిగా కాకుండా గ్లాసు గ్లాసుగా. చివరికి పసుపురంగు తేట నీళ్లలా వస్తే పేగు శుభ్రమైనట్టు. మధ్యలో "చాల్లే" అని ఆపేస్తే పరీక్ష మళ్లీ చేయాల్సిరావచ్చు, దగ్గర కూర్చుని తాగించు. షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు ఉంటే ఏం చేయాలో ముందే అడుగు, మీ అంతట మీరు ఆపొద్దు. మత్తిస్తారు కాబట్టి ఆ రోజు బండి నువ్వే నడపాలి.

ఈలోగా మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వచ్చినా, నెత్తురు ఎక్కువగా పడినా, కళ్లు తిరిగి పడిపోయినా, పొట్ట ఉబ్బి గ్యాస్ కూడా పోకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకు. అర్ధరాత్రైనా సరే, ఎమర్జెన్సీకి తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ
గుంటూరు