ఫిర్యాదు కాగితంల గురువారం సంగతి ముందు రాయి

బిడ్డా,

నువ్వు పంపిన ఫిర్యాదు కాగితం మూడుసార్లు చదివిన. ‘మేనేజర్ నన్ను ఎప్పుడూ కులం పేరుతోటి తిడుతున్నడు’ అని మొదలుపెట్టినవ్. అది నిజమే, కానీ ఆ ఒక్క మాట మీద కేసు నిలవది. ‘ఎప్పుడూ’ అంటే ఏ రోజు, ఎవరి ముంగట అని అడుగుతరు.

నువ్వు చెప్పినయి రెండు సంగతులు. సోమవారం తన క్యాబిన్ల తలుపేసి తిట్టిండు, అక్కడ మీరిద్దరే. గురువారం కౌంటర్ కాడ, ఇద్దరు తోటి ఉద్యోగులు, పని మీదొచ్చిన ఒక రైతు చూస్తుండంగ అదే మాట అన్నడు. నీ కేసు గురువారానిది. 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టంల 3(1)(ఆర్), 3(1)(ఎస్) సెక్షన్లు జనం చూసే, వినే చోట చేసిన అవమానానికే వర్తిస్తయి. బయటోళ్లెవరూ లేని నాలుగు గోడల నడుమ అన్న మాట ఈ సెక్షన్ల కిందికి రాదని సుప్రీంకోర్టు 2020ల చెప్పింది. నా ఉద్యోగంల నేను తలుపేసిన గదిల పడ్డ తిట్టు మీదనే ఫిర్యాదు పెట్టి, సాక్షి లేక ఓడిన. ఆ మంట ఇప్పటికీ ఆరలే. అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

గురువారం టైమెంతో, ఎక్కడ నిలబడ్డరో, ఎవరెవరు విన్నరో రాయి. ఆయన అన్న మాట ఎంత రోతగ ఉన్నా అట్లనే రాయి. ‘అసభ్యంగ దూషించిండు’ అంటే చాలది. నీ కులం ఆయనకు ఎట్ల తెలుసో కూడా ఒక ముక్క రాయి. ఆయన ఎస్సీ, ఎస్టీ కాడని కూడా రాయాలె, ఎందుకంటే ఆ కులాలోళ్ల మీద ఈ చట్టం నడవది. సోమవారం సంగతి చివర్ల, ఇంతకుముందు జరిగిందని పెట్టు. లేని సాక్షిని మాత్రం పెట్టకు, ఒక్క అబద్ధం దొరికితే నిజం కూడా కొట్టుకపోతది.

తోటి ఉద్యోగులు కొలువు పోతదని వెనుకకు తగ్గొచ్చు, వాళ్ల మీద కోపం పెట్టుకోకు. ఆ రైతుకు మేనేజర్‌తోటి భయం లేదు, ఆయన ఊరు, పేరు కనుక్కో. కౌంటర్ కాడి కెమెరా రికార్డు కొన్ని రోజులకు చెరిగిపోతది. దాన్ని దాచిపెట్టమని ఇయ్యాల్నే ఆఫీసుకు రాతల ఇయ్యి, ఫిర్యాదుల కూడా అడుగు. మాట వినబడకున్నా అక్కడ ఎవరున్నరో కనబడతది.

స్టేషన్ల ‘ముందు ఎంక్వైరీ చేసి చూస్తం’ అంటరు. ఎఫ్ఐఆర్‌కు ముందు విచారణ అక్కరలేదని ఇదే చట్టానికి 2018 సవరణల వచ్చిన 18ఏ సెక్షన్ చెప్తది. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తక్కువ కానోళ్లే చెయ్యాలె, మన కమిషనరేట్ల అంటే ఏసీపీ. ఎఫ్ఐఆర్ కాపీ పైసలియ్యకుండ ఇస్తరు. స్టేషన్ల ఫిర్యాదు తీసుకోం అంటే అదే కాగితం రిజిస్టర్ పోస్టుల కమిషనర్‌కు పంపి, రసీదు దాచుకో. ఆ తర్వాత కోర్టుల మేజిస్ట్రేట్‌ను అడగొచ్చు.

డ్యూటీలు మార్చుడు, లీవు ఇయ్యకపోవుడు ఇందుల కలపకు. అవి హైదరాబాద్‌ల ఉన్న ఎస్సీ, ఎస్టీ కమిషన్‌కు వేరే దరఖాస్తుగ రాద్దాం.

ఆదివారం పొద్దున హన్మకొండకొస్త. కాగితం తిరగరాసి ఉంచు, సంతకం మాత్రం నేనొచ్చి చదివినంకనే పెట్టు.

నీ పెద్దబాపు