క్లయింట్ తన నోట్స్ చూపించమంటే

“కౌన్సెలర్‌గా పని మొదలుపెట్టి నాలుగు నెలలైంది మేడమ్. మూడో సెషన్‌లో ఒకావిడ ‘నా గురించి ఏం రాస్తున్నారు? చూడొచ్చా?’ అని అడిగారు. నాకు చెమటలు పట్టాయి. రెండో సెషన్ నోట్స్‌లో ‘భర్తను గుప్పిట్లో పెట్టుకోవాలని చూస్తోంది’ అని రాశాను. వాళ్లాయన నాకు ఫోన్ చేసి చెప్పిన సంగతులూ అందులోనే ఉన్నాయి. ‘తర్వాత మాట్లాడదాం’ అని దాటేశాను. మొదటిరోజే అంగీకార ఫారం మీద సంతకం తీసుకున్నాను కదా, అది చాలదా? ఆ వాక్యం కొట్టేయనా?”

కొట్టేయకమ్మా. ఆవిడ అడిగిన తర్వాత ఆ కాగితం మారితే, రేపు ఎవరు చూసినా ఏదో దాచారనే అనుకుంటారు. పాత వాక్యాన్ని చదవడానికి వీలుగా అలాగే ఉంచి, కింద ఈ రోజు తేదీ వేసి, ఎందుకు దిద్దుతున్నావో రాయి. ఉదాహరణకు ఇలా: “రెండో సెషన్‌లో రాసింది నా అభిప్రాయం. ఆవిడ అన్న మాట: ‘జీతం నా చేతికిస్తేనే ఇల్లు నడుస్తుంది.’ ఈ మాట చెబుతూ ఏడ్చారు.” ఆవిడ నిజంగా ఏమన్నారో నీకే తెలుసు, గుర్తున్నంత వరకే రాయి.

ఈ రెండు రాతల మధ్య తేడా చూడు. మొదటిదానిలో ఆవిడ మీద తీర్పు ఉంది, రెండోదానిలో ఆవిడ ఉన్నారు. రికార్డులో ఉండాల్సింది తేదీ, ఎంతసేపు మాట్లాడారు, ఆవిడ ఏం చెప్పారు, నువ్వేం చూశావు, ఏం చేశావు, ప్రాణహాని భయమేమైనా కనిపించిందా, తర్వాత ఏం చేయాలనుకున్నారు. నీ అనుమానాలు, నీకు కలిగిన చిరాకు సూపర్‌వైజర్‌తో మాట్లాడుకోవాల్సినవి. వాటిని విడిగా రాసుకునేవాళ్లు ఉన్నారు. కానీ విడిగా రాసినంత మాత్రాన అవి ఎవరి కంటా పడవని నమ్మకు, కొన్ని చోట్ల కోర్టు వాటినీ అడగొచ్చు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ ఫోన్ సంగతి. ఆవిడ అనుమతి లేకుండా భర్తతో మాట్లాడావా? అలా అయితే ఆవిడ నీ దగ్గరకు వస్తున్నారని ఒప్పుకోవడమే రహస్యం బయటపెట్టడం. ఇకపై ఎవరు ఫోన్ చేసినా “ఫలానా వాళ్లు మా దగ్గరకు వస్తున్నారో లేదో కూడా నేను చెప్పలేను” అను. ఆయన చెప్పింది ఆయన మాట, కాబట్టి నోట్స్ చూపించేటప్పుడు ఆ భాగం ఇవ్వొచ్చో లేదో వేరుగా తేల్చుకోవాలి. కానీ ఆ ఫోన్ వచ్చిందన్న సంగతి మాత్రం ఆవిడకు నువ్వే చెప్పాలి. తర్వాత ఎప్పుడో ఇంట్లో తెలిస్తే ఆవిడ మళ్లీ నీ ఎదుట నోరు విప్పరు.

ఇక సంతకం. ఫారం మీద సంతకం ఒక సంభాషణ జరిగిందనడానికి గుర్తు మాత్రమే. నోట్స్‌లో ఏం రాస్తావో, తను చూడొచ్చో లేదో ఆవిడకు తెలియదంటే ఆ సంభాషణ జరగలేదన్నమాట. వచ్చే సెషన్‌లో ఆవిడ గుర్తుచేసే లోపే నువ్వే మొదలుపెట్టు: “పోయినసారి మీరడిగినదానికి నేను జవాబివ్వలేదు, క్షమించండి. ప్రతి సెషన్ తర్వాత కొంచెం రాసుకుంటాను. అవి తాళం వేసిన బీరువాలో ఉంటాయి. నా సూపర్‌వైజర్ చూస్తారు. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పుంటే, పిల్లలకు హాని జరుగుతుంటే, కోర్టు ఆదేశిస్తే బయటకు చెప్పాల్సి రావచ్చు.” నీ దగ్గర నిజంగా ఉన్న ఏర్పాటునే చెప్పు, బీరువా లేకుండా బీరువా అనకు. ఎంతకాలం దాచుతారో కూడా చెప్పు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో, వేరే చట్టం లేనప్పుడు, పెద్దవాళ్ల రికార్డుకు చివరి సేవ తర్వాత 7 ఏళ్లు అని ఉంది. మీ చోట చట్టం, మీ సంస్థ నియమం వేరుగా ఉంటే అదే చెప్పాలి.

చూపించాలా వద్దా అన్నది మాత్రం సెషన్‌కు ముందే సూపర్‌వైజర్‌తో తేల్చుకో. చాలా చోట్ల క్లయింట్‌కు చూసే హక్కుంది. తీవ్రమైన హాని జరుగుతుందనిపిస్తేనో, ఇతరులు చెప్పిన సంగతులుంటేనో కొంత ఆపుతారు, అలా ఆపితే కారణం రాసిపెట్టాలి. “చదివితే నొచ్చుకుంటారు” అన్నది కారణం కాదు. కాపీ చేతిలో పెట్టి పంపేయకుండా పక్కన కూర్చుని చదివించు. ముందుగా “మీకు ఏ విషయం గురించి టెన్షన్‌గా ఉంది?” అని అడుగు. కొందరికి కావలసింది కాగితం కాదు, భర్తకు తెలుస్తుందా అన్న భయానికి జవాబు. ఆవిడ ఆ గుప్పిట్లో మాట చదివి బాధపడితే వాదించకు, నీ దిద్దుబాటు చూపించి ఆవిడ అభ్యంతరం కూడా ఆవిడ మాటల్లోనే ఫైలులో చేర్చు.

ఇదంతా మాట్లాడుకున్నాక ఆ రోజు నోట్స్‌లో ఏం చెప్పావో, ఆవిడ ఏమడిగారో, దేనికి ఒప్పుకున్నారో రాయి.