క్లయింట్‌ని అప్పగించే ముందు, మీరు నోటితో ఇచ్చిన మాటలు రాసిపెట్టండి

"ఆరేళ్లుగా నేను చూస్తున్న క్లయింట్‌ని వచ్చే నెల కొత్త అకౌంట్ మేనేజర్‌కి అప్పగించాలి. వాళ్ళు కంగారు పడకుండా మెయిల్ ఎలా రాయాలి?"

మెయిల్ కంటే ముందు ఫోన్ చేసి చెప్పండి. ఆరేళ్ల పరిచయం ఉన్నవాళ్ళు ఈ సంగతి మెయిల్ చూసి తెలుసుకుంటే నొచ్చుకుంటారు.

నేను మందుల కంపెనీలకు కార్టన్లు ప్రింట్ చేసే ప్రెస్‌లో పనిచేశాను. మొదటిసారి ఒక క్లయింట్‌ని అప్పగించినప్పుడు రేట్లు, పీవోలు, ఫోన్ నంబర్లు అన్నీ ఎక్సెల్‌లో పెట్టి ఇచ్చాను. మూడో వారంలో వాళ్ళ పర్చేజ్ మేనేజర్ ఫోన్ చేశారు. "మీరున్నప్పుడు ఇలా జరగలేదు కదండీ" అన్నారు.

జరిగింది ఇదీ. రంగు ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉండొచ్చో షేడ్ కార్డు మీద ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడున్నా కార్టన్ పాసైనట్టే. కానీ అంతకుముందు ఒక లాట్ మీద గొడవైనప్పుడు, రంగు ముదురు వైపు వెళ్ళనివ్వబోమని వాళ్ళ క్వాలిటీ ఆయనకు నేను నోటితో మాటిచ్చాను. అది ఎక్సెల్‌లో లేదు. నా స్థానంలో వచ్చిన కొత్తావిడ కార్డు ప్రకారమే ప్రింట్ చేయించారు, లాట్ మొత్తం వాళ్ళ స్టోర్‌లో ఆగిపోయింది. కాగితం మీద తప్పు లేదు, అయినా మాట నాది. మళ్ళీ ప్రింట్ చేసిచ్చాం.

అప్పటినుంచి ఇలాంటి మాటలకే విడిగా ఒక పేజీ రాస్తున్నాను. గుర్తున్నవి రాస్తే చాలదు. ఏడాది వాట్సాప్ చాట్లు, డెబిట్ నోట్లు తిరగేయండి. డిస్పాచ్‌లో, అకౌంట్స్‌లో ఉన్నవాళ్ళని "ఈ క్లయింట్‌కి ప్రత్యేకంగా ఏం చేస్తున్నారు?" అని అడగండి. లారీ పదకొండు లోపు గేటు చేరకపోతే ఆ రోజు సరుకు దించుకోరని నాకు డిస్పాచ్ అబ్బాయే చెప్పాడు.

మెయిల్‌లో "సేవలు యథావిధిగా కొనసాగుతాయి" అని రాస్తే ఎవరికీ ధైర్యం రాదు. నేనైతే ఇలా రాస్తాను: "20వ తేదీ నుంచి మీ ఆర్డర్లు ఆవిడ చూస్తారు. ఇప్పుడు ప్రెస్‌లో ఉన్న రెండు ఆర్డర్ల డెలివరీ తేదీలు మారవు. ముదురు షేడ్ వద్దన్న మాట జాబ్ కార్డు మీద రాయించాం." ఫిర్యాదు ఏదైనా పెండింగ్‌లో ఉంటే, వీలైనంతవరకు మీరే ముగించి వెళ్ళండి. కుదరకపోతే ఎవరు, ఏ తేదీకి తేలుస్తారో అదే మెయిల్‌లో చెప్పండి.

పరిచయం చేసే మీటింగ్‌లో నడుస్తున్న ఆర్డర్ల గురించి కొత్తవాళ్ళనే మాట్లాడనివ్వండి. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు క్లయింట్ మీకే ఫోన్ చేస్తారు. తప్పకుండా ఎత్తండి, కానీ పని మీరు చేసిపెట్టకండి. "ఆవిడతో ఇప్పుడే చేయిస్తానండీ" అని చెప్పి, అరగంటలో ఆవిడ నుంచే ఫోన్ వెళ్ళేలా చూడండి. రెండుమూడుసార్లు అలా జరిగాక, ఆ క్లయింట్ పర్చేజ్ మేనేజర్ నేరుగా ఆవిడకే చేయడం మొదలుపెట్టారు.