ఇరవై వేలతో మొదటి నెల

ప్రశ్న: అన్నా, డీమ్యాట్ తెరిచి 20,000 వేశాను. మొదటి నెల ఎట్లా చెయ్యమంటావు?

అబ్బయ్యా,

ఈ నెల డెలివరీ మాత్రమే, అంటే కొన్న షేరు అదే రోజు అమ్మకుండా నీ డీమ్యాట్‌లో ఉంచుకోవడం. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆన్ చెయ్యొద్దు. ఒకసారికి ఒక్క షేరే.

కొనేముందే ఎక్కడ తప్పుకోవాలో రాసుకో. ఒక దెబ్బకి 200 మించి పోకూడదు, అంటే నీ డబ్బులో నూటికి ఒక రూపాయి. షేరు 400 ఉంది, 390 తగిలితే అమ్మాలనుకున్నావు. షేరుకి పది పోతుంది గనక 20 షేర్లే, 8,000. చేతిలో ఇంకా డబ్బుందని 50 కొనబాకు.

కొన్నాక స్టాప్‌లాస్ పెట్టు. మామూలు ఆర్డరు ఆ సాయంత్రానికే రద్దయిపోతుంది, అందుకే రోజుల తరబడి నిలిచుండే జీటీటీ ఆర్డరు పెట్టు. ఆర్డరు కదిలే ధర, అంటే ట్రిగ్గర్ 390, అమ్మే ధర 388 అనుకో. రాత్రి ఏదో చెడ్డ వార్త వచ్చి పొద్దున షేరు 384 దగ్గర తెరుచుకుంటే, 388కి తగ్గి అమ్మదు గనక నీ ఆర్డరు అమ్ముడుపోదు, అట్నే వేలాడతా ఉంటుంది. తొమ్మిదింబావుకి యాప్ తెరిచి చూసుకో. అట్లా ఉంటే రద్దు చేసి మార్కెట్ రేటుకి అమ్మెయ్. 200 బదులు 320 పోతుంది, పోనీ. మళ్లీ పైకొస్తుందిలే అని స్టాప్ కిందకి జరిపితే మాత్రం నేను ఊరుకోను.

బ్రోకరేజీ సున్నా అన్నా ఖర్చులుంటాయి. ఈ 8,000 మీద ఎస్‌టీటీ అనే పన్ను కొన్నప్పుడు ఎనిమిది రూపాయలు, అమ్మినప్పుడు ఎనిమిది. అమ్మిన రోజు డీమ్యాట్‌లోంచి షేర్లు తీసినందుకు డీపీ ఛార్జీ వేరే. షేరు రూపాయిన్నర పెరిగినా నీకు మిగిలేదేం లేదు.

వరసగా మూడు నష్టాలొస్తే ఆ నెలకి ఆపెయ్. రొయ్యలమ్మిన డబ్బుల్లోంచి ఇంకో పదివేలు ఇమ్మని మీ నాన్నని అడగబాకు.