తాగండి, తాగకండి: నోటీసు తిరగరాస్తున్న తమ్ముడికి

అబ్బయ్యా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు కాగితాలూ చూశాను, పంచాయతీ వాళ్ల అసలు నోటీసూ, నువ్వు తిరగరాసిందీ. ముందు అసలుదాన్ని ఇక్కడ దింపుతున్నా, ఎందుకంటే దాని గురించి మాట్లాడకుండా నీదాని గురించి చెప్పలేను.

"ఇందుమూలముగా గ్రామ ప్రజానీకమునకు తెలియజేయునది ఏమనగా, ఓవర్‌హెడ్ ట్యాంకు శుభ్రపరచు కార్యక్రమము దృష్ట్యా మార్చి 17 మరియు 18 తేదీలలో నీటి సరఫరా తాత్కాలికముగా నిలిపివేయబడును. సరఫరా పునరుద్ధరించిన పిమ్మట తొలుత వచ్చు నీటిని త్రాగుటకు వినియోగించరాదు. కావున ప్రజలు ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేసుకొని సహకరించవలసిందిగా కోరడమైనది."

నువ్వు దీన్ని వాడుక భాషలోకి తెచ్చావు. "నిలిపివేయబడును" పోయి "ఆపుతున్నాం" వచ్చింది, "పిమ్మట" పోయి "తర్వాత" వచ్చింది. బాగుంది. కానీ పేరా మాత్రం అలాగే ఉంది, గోడ కట్టినట్టు. ఏది ముందు, ఏది వెనక అన్నది కూడా వాళ్లు పెట్టిందే. చదవడం బాగా వచ్చినవాడికి నీది హాయిగా ఉంటుంది, కాదనను. చదవడం కష్టమైనవాడికి మాత్రం రెండూ ఒకటే.

ఆ కష్టపడేవాళ్లు ఎవరో ముందు చూడు. 2011 జనాభా లెక్కల్లో ప్రకాశం జిల్లా అక్షరాస్యత 63 శాతం. ఏడేళ్లు దాటినవాళ్లలో ఏదో ఒక భాషలో చదివి, రాసి, అర్థం చేసుకోగలిగిన వాళ్లందరూ ఆ లెక్కలోకే వస్తారు. అంటే నాలుగో తరగతిలో బడి మానేసి, ఆ తర్వాత బస్సు బోర్డు తప్ప ఇంకేమీ చదవని మనిషి కూడా అందులో ఉంటాడు. ఇంకోపక్క డిస్లెక్సియా ఉన్న పిల్లాడు ఉంటాడు. లెక్కల్లో చురుకు, నోటితో అడిగితే టకటకా చెబుతాడు, కానీ అక్షరాన్ని చూసి దాని శబ్దాన్ని పట్టుకోవడం దగ్గర ఆగిపోతాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యాస లోపాలకు కూడా చోటుంది. ఒకరికి అలవాటు తప్పింది, ఇంకొకరికి అక్షరమే లొంగదు. కారణాలు వేరు. అయితే కాగితం ముందు నిలబడ్డప్పుడు ఇద్దరూ చేసే పని చాలావరకు ఒకటే: మొదటి రెండు అక్షరాలు కూడబలుక్కుని, మిగతాది ఊహిస్తారు. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు.

అందుకే నీ కాగితంలో నాకు బాగా భయం వేసిన చోటు "మొదట వచ్చే నీళ్లు తాగకండి" అన్నది. "తాగండి", "తాగకండి". మధ్యలో ఒక్క "క" తేడా. ఊహించి చదివేవాడికి ఆ "క" కనబడదు, నీళ్లు తాగమని చెప్పినట్టే అవుతుంది. సరే "తాగొద్దు" అని మారుద్దామా అంటే, నువ్వు మూడు లైన్ల కింద "సాయంత్రం నుంచి తాగొచ్చు" అని రాశావు. తాగొద్దు, తాగొచ్చు. మొదలూ ఒకటే, చివర కొమ్మూ ఒకటే, తేడా అంతా మధ్యలో ఒక ఒత్తక్షరం. ఈ రెండూ ఒకే కాగితం మీద ఉండకూడదు. వద్దన్నచోట "తాగొద్దు" ఉంచు, సరేనన్నచోట "మంచి నీళ్లు వస్తాయి. తాగండి." అని రాయి. కాదనే మాట ఒక నోటీసులో ఒకటో రెండో ఉండాలి గానీ వరసగా ఉండకూడదు, అదీ ఒక లైనులో ఒంటరిగా, చుట్టూ ఖాళీతో ఉండాలి.

ఇక ఒత్తుల సంగతి. చిన్న మాటలు రాయమని అందరూ చెబుతారు, తెలుగులో పొడుగొక్కటే కాదు బరువు. "ప్రత్యామ్నాయ" చూడు, నాలుగు అక్షరాల్లో మూడింటికి ఒత్తులే. "పునరుద్ధరించిన"లో ఒత్తు ఒకటే అయినా, అదీ బరువే. "త్రాగు" ఎందుకు, "తాగు" ఉండగా? అలాగని ప్రతి ఒత్తునూ తరిమెయ్యక్కర్లేదు, "నీళ్లు", "ట్యాంకు", "బ్లీచింగ్" జనం రోజూ అనేవే, విన్న మాట కాబట్టి సగం చదివినా పట్టేస్తారు. నా లెక్క ఇంతే: నోట్లో రోజూ ఆడే మాటైతే ఒత్తున్నా ఉంచు, కాగితం మీద మాత్రమే బతికే మాటైతే తీసెయ్.

అసలు సంగతి ఇప్పుడొస్తోంది. "ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేసుకోండి" అన్నదాన్ని నువ్వు "వేరే ఏర్పాట్లు చేసుకోండి" అని మార్చావు. మాట తేలికైంది, కానీ అందులో చెప్పిందేమీ లేదు. ఏం ఏర్పాటు? మీది కనిగిరి వైపు ఊరు. కుళాయి ఆగితే జనం ఎక్కడికెళ్తారు? చేతిపంపు దగ్గరికే. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి నీకు నేను చెప్పాలా? లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సరేననీ తాగునీటి ప్రమాణాలు చెబుతాయి. మీ వైపు చాలా బోర్లు అది దాటినవే. పైగా మన ఇళ్లలో "అనుమానంగా ఉంటే కాచి తాగు" అన్నది నరనరాన ఉంది. కాస్తే క్రిములు చస్తాయి నిజమే, ఫ్లోరైడ్ మాత్రం పోదు. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. రెండు రోజులకే ఎముకలు వంగిపోవులే, అయినా నోటీసు వేసి మరీ జనాన్ని బోరు దగ్గరికి తోలడం ఏం న్యాయం? కాబట్టి సెక్రటరీ గారి దగ్గరికెళ్లి అడుగు: ట్యాంకర్ పంపుతారా, ఎక్కడ ఆగుతుంది, ఎన్నింటికి, ఇంటికి ఎన్ని బిందెలు? "తొలుత వచ్చు నీరు" అంటే మొదటి బకెట్టా, పూటంతానా? పెద్ద మాటల చాటున ఇలాంటి ఖాళీలు దాక్కుంటాయి, విడగొట్టి రాయబోతే బయటపడతాయి. సెక్రటరీ చిరాకు పడినా పర్లేదు, అడగాల్సింది అడుగు.

ఆయన ట్యాంకర్ వస్తుందన్నాడనుకో, నేనైతే ఇలా రాస్తాను. టైములు, చోట్లు ఆయన చెప్పినట్టు మార్చుకో.

కుళాయి నీళ్లు రావు

మార్చి 17, మంగళవారం
మార్చి 18, బుధవారం
ట్యాంకు కడుగుతున్నాం.

తాగే నీళ్లు

ట్యాంకర్ వస్తుంది.
బడి దగ్గర ఆగుతుంది.
రెండు రోజులూ పొద్దున 7 గంటలకు.
ఇంటికి 2 బిందెలు.

బోరు నీళ్లు తాగొద్దు.
కాచినా పనికిరావు.

మార్చి 19, గురువారం

పొద్దున కుళాయి నీళ్లు వస్తాయి.
వాటిలో బ్లీచింగ్ ఉంటుంది.

ఆ నీళ్లు తాగొద్దు.

గిన్నెలు కడగండి. బట్టలు ఉతకండి.

సాయంత్రం మంచి నీళ్లు వస్తాయి. తాగండి.

తేదీ పక్కన వారం ఎందుకంటే, చాలామందికి తేదీ కంటే వారమే గుర్తు. "రేపు", "ఎల్లుండి" అని మాత్రం రాయకు, కాగితం గోడ మీద మూడు రోజులుంటుంది, రేపు అన్నది రోజూ జరిగిపోతూనే ఉంటుంది. అంకెలు 7, 2 అని అంకెల్లోనే ఉండాలి, డబ్బు లెక్కపెట్టే ప్రతివాడికీ అవి వచ్చు. ఒక లైనులో ఒకే సంగతి, ఆ లైను కూడా మాట మధ్యలో విరగకూడదు.

కాగితాన్ని అచ్చుకు తీసుకెళ్లినప్పుడు అసలు గొడవ మొదలవుతుంది. డీటీపీ చేసే అబ్బాయికి ఖాళీ చూస్తే చెయ్యి ఊరుకోదు. చుట్టూ పూల బార్డరు వేస్తాడు, రెండు పక్కలా సమానంగా లాగుతాడు, మొత్తం బోల్డ్ చేస్తాడు, ముఖ్యమైన చోట కింద గీత గీస్తాడు. పక్కన కూర్చుని ఒక్కోటీ తీయించు. ఎడమవైపు సమంగా ఉంటే చాలు, కుడివైపు ఎగుడుదిగుడుగానే ఉండాలి, లేకపోతే మన పొడుగు మాటల మధ్య ఒకచోట బెత్తెడు సందు, ఇంకోచోట అసలు సందే లేకుండా అవుతుంది. కింద గీత ఇంగ్లిష్‌లోనే మంచిది కాదంటారు, తెలుగులో అయితే అది ఒత్తులను అడ్డంగా కోసేస్తుంది. మరీ లావు ఫాంటు పెడితే "థ", "ధ" లోపలి చుక్కా గీతా పూడుకుపోతాయి. రామభద్ర లాంటి లావు అక్షరాలు పై హెడ్డింగుకు సరే, మిగతాదానికి మండలి లాంటి సాదా అక్షరం చాలు. డిస్లెక్సియాకని ప్రత్యేకం ఫాంట్లున్నాయంటారు, వాటి కోసం వెతుక్కోకు. అక్షరం సైజు, మాటల మధ్య ఎడం, లైన్ల మధ్య ఎడం, ఇవి ఎక్కువ పని చేస్తాయి. ఇంగ్లిష్‌కు లైన్ల ఎడం ఒకటిన్నర ఉంచమంటారు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు ఉన్నాయి కాబట్టి అచ్చు తీసి చూడు, పై లైను ఒత్తు కింది లైను గుడికి తగిలేలా ఉంటే ఇంకా పెంచు. ఒక్క ఏ4లో పట్టకపోతే అక్షరం తగ్గించకు, ఏ3 తీసుకో. లామినేషన్ వద్దు, మన మార్చి ఎండకు అది అద్దంలా మెరిసి ఏమీ కనబడనివ్వదు. తెల్లటి కాగితం కన్నా లేత గోధుమరంగుది కళ్లకు హాయి.

బొమ్మ పెడదామా అని అడిగావు. ట్యాంకర్ బొమ్మ పెట్టు, తప్పు లేదు. నీళ్ల గ్లాసు మీద ఎర్ర ఇంటూ మార్కు మాత్రం నాకు నమ్మకం లేదు, అది ఏ నీళ్ల గురించో బొమ్మ చెప్పదు. బోరు నీళ్లా, కుళాయి నీళ్లా, ట్యాంకర్ నీళ్లా?

అచ్చుకు ఇచ్చేముందు ఒకసారి పరీక్షించు. చదువుకున్న నీ స్నేహితుడికి కాదు, కాగితం ఇస్తే "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను" అని తప్పించుకునే పెద్దాయనకు ఇవ్వు. ఆయన పరువు పోకుండా అడగాలి, "పెద్దయ్యా, నేను సరిగ్గా రాశానో లేదో చూసిపెట్టు" అని. చదివాక "అర్థమైందా?" అని మాత్రం అడగకు, ఎవరైనా అయిందనే అంటారు. "బుధవారం తాగే నీళ్లు ఎక్కడ పట్టుకుంటావు? గురువారం పొద్దున కుళాయి తిప్పితే వచ్చిన నీళ్లు ఏం చేస్తావు?" అని అడుగు. చదివేటప్పుడు వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కొచ్చిందో చూస్తూ ఉండు. వేలు ఆగిన మాటను మార్చు, జవాబు తప్పొస్తే వరస మార్చు. ముగ్గురు నలుగురితో ఇలా చేస్తే చాలు, పెద్ద తప్పులన్నీ దొరికిపోతాయి.

అసలు చదవడమే రానివాళ్లకు ఈ కాగితం పనికిరాదు, వాళ్లకు ఆటో మైకే దిక్కు. అయితే మైకులో పాత నోటీసు, గోడ మీద కొత్తది కాకుండా చూసుకో. ఇవే వాక్యాలు ఇదే వరసలో మైకులో రావాలి. చెవిన పడ్డ మాట గోడ మీద కనిపిస్తే తడబడుతూ చదివేవాడికి అది పెద్ద ఆసరా.

ఇంకొకటి, సెక్రటరీ గారు ఇది నోటీసులా లేదంటారు, తప్పకుండా అంటారు. వాదించకు. పాత భాషలో ఉన్నది ఆఫీసు ఫైల్లో ఉంచుకోమను, గోడకు మాత్రం ఇది, అడుగున పంచాయతీ స్టాంపు, సంతకంతో. ఆ స్టాంపు లేకపోతే మన జనం కూడా నమ్మరు, ఎవడో పిల్లాడు అంటించాడనుకుంటారు. ట్యాంకర్ టైము ఖాయమయ్యాక అచ్చుకు ఇచ్చేముందు నాకొకసారి ఫొటో పంపు, లైన్ల ఎడం చూసి చెబుతా.

మీ అన్న,
ఒంగోలు