గుండె గోడ మందం బీపీ వల్లేనా?

«నాన్నగారికి 74, గాజువాకలో ఉంటాం. ఆయాసం, కాళ్ల వాపు. ఎకోలో గుండె గోడ 16 మిల్లీమీటర్లు, బీపీ వల్ల అన్నారు. కానీ ఇప్పుడు పై బీపీ 105 దాటడం లేదు, మాత్రలు ఆపేశారు. ఈసీజీలో ‘లో వోల్టేజ్’ అని ఉంది. గతంలో రెండు చేతులకీ కార్పల్ టన్నెల్ ఆపరేషన్ అయింది.»

అన్నయ్యా, అమైలాయిడోసిస్ ఉందేమో చూడమని కార్డియాలజిస్టును తప్పక అడగండి. బీపీ వల్ల కండరం పెరిగి గోడ మందమైతే ఈసీజీ గీతలు సాధారణంగా పెద్దవవుతాయి. ఇక్కడ గోడ మందంగా ఉన్నా గీతలు చిన్నవి. కండరాల మధ్య అమైలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంటే ఇలా అవుతుంది, గుండె బిగుసుకుపోతుంది. అయితే ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ జబ్బు లేదని కాదు.

నాకు బలమైన ఆధారంగా అనిపించేది చేతుల ఆపరేషన్. ఈ జబ్బులో ట్రాన్స్‌థైరెటిన్ అనే రకంలో అదే ప్రోటీన్ మణికట్టులో చేరి, గుండె లక్షణాలకు ఏళ్ల ముందే నరాన్ని నొక్కుతుంది. బీపీ మాత్రలు ఇక పడకపోవడం కూడా దీనికి సరిపోతుంది.

ముందు రక్తంలో ఫ్రీ లైట్ చెయిన్స్, రక్తం, మూత్రం రెండింటిలో ఇమ్యునోఫిక్సేషన్ చేయించండి. అవి తేడాగా వస్తే వెంటనే హెమటాలజిస్టును కలవండి, ఎముక మజ్జ కణాలు తయారుచేసే ప్రోటీన్ వల్ల వచ్చే ఏఎల్ అనే రకంలో ఆలస్యం ప్రాణాల మీదకు వస్తుంది. మామూలుగా వస్తే, గుండెలో ట్రాన్స్‌థైరెటిన్ రకం ఉందేమో చూసే పీవైపీ అనే న్యూక్లియర్ స్కాన్ చేయించండి. విశాఖలో న్యూక్లియర్ మెడిసిన్ ఉన్న ఆస్పత్రుల్లో అడగండి. రక్త పరీక్షలు లేకుండా స్కాన్ ఒక్కటే నమ్మకండి, ఏఎల్ రకంలోనూ అది పాజిటివ్ రావచ్చు.