‘తొందరేమీ లేదు అంకుల్’ అని రాస్తే డబ్బు ఎప్పుడొస్తుంది?

డిగ్రీ అయ్యాక తిరుపతిలో ఇంట్లోంచే డిజైన్ పనులు మొదలుపెట్టాను. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు, తాండ్ర తయారుచేసే యూనిట్‌కి లేబుళ్లు, అట్టపెట్టె డిజైన్ చేశాను. 18,000కి మాట్లాడుకున్నాం, 6,000 అడ్వాన్సు ఇచ్చారు. జులై 4న ఫైళ్లతో పాటు బిల్లు పంపాను. నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు. ఓనరు నాన్నకు బాగా తెలిసినాయన. ‘డబ్బులడిగితే ఏమనుకుంటారో, ఊరుకో’ అంటోంది అమ్మ. వాట్సాప్‌లో ఈ మెసేజ్ రాసిపెట్టుకున్నాను, పంపడానికి చెయ్యి రావట్లేదు:

“అంకుల్ నమస్తే. డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ. మీరు సీజన్ పనుల్లో బిజీగా ఉంటారని తెలుసు. ఏమీ అనుకోకండి, అడగడానికి మొహమాటంగా ఉంది. ఆ డిజైన్ డబ్బుల సంగతి... మీకు వీలైనప్పుడు చూడండి. తొందరేమీ లేదు. తప్పుగా అడిగుంటే క్షమించండి అంకుల్.”

అమ్మాయీ, ఈ మెసేజ్ ఇంకా పంపకపోవడమే మంచిదైంది. ఇందులో క్షమాపణలు నాలుగున్నాయి. ఎంత రావాలో, ఏ బిల్లుకో, ఎప్పటిలోగానో, ఎలా పంపాలో మాత్రం లేదు. ఆయన ఫోన్ తీసి ఇది చదివారనుకో. ‘ఎంతివ్వాలి, అడ్వాన్సు ఎంతిచ్చాం?’ అని పాత చాట్ వెతకాలి. లోడు దింపే లారీ దగ్గర నిలబడి ఎవరూ ఆ పని చెయ్యరు. ‘సాయంత్రం చూద్దాం’ అని ఫోన్ జేబులో పెట్టేస్తారు.

సారీల వల్ల పెద్ద నష్టం లేదు, కాస్త చిన్నబోయినట్టుంటుంది, అంతే. అసలు నష్టం ‘వీలైనప్పుడు’, ‘తొందరేమీ లేదు’ అనే రెండు మాటలతోనే. ఆయన కాయలిచ్చిన రైతులకు కట్టాలి, డబ్బాలవాళ్లకు కట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి, కూలీలకివ్వాలి. వాళ్లందరికీ ఏదో ఒక గడువుంది. గడువు లేదని నువ్వే రాసిచ్చాక నీ బిల్లు ఆ వరసలో చివరికి పోతుంది. అందులో ఆయన దురుద్దేశం వెతకక్కర్లేదు.

ఇలా మార్చు:

“అంకుల్, నమస్తే. తాండ్ర లేబుళ్లు, అట్టపెట్టె డిజైన్‌కి జులై 4న పంపిన బిల్లులో మిగతా రూ.12,000 రావాల్సి ఉంది. బిల్లు మళ్లీ దీనితో పంపుతున్నాను, యూపీఐ, బ్యాంకు వివరాలు అందులోనే ఉన్నాయి. ఈ గురువారం 13వ తేదీలోగా వేయించండి. బిల్లులో ఏమైనా సరిచేయాల్సి ఉంటే చెప్పండి, ఈరోజే మార్చి పంపుతాను. ధన్యవాదాలు.”

ఇందులో మర్యాద ఎక్కడా తగ్గలేదు చూడు. ‘అంకుల్’ అలాగే ఉంచాను. ఇన్నాళ్లూ అంకుల్ అని పిలిచి, డబ్బు దగ్గరకొచ్చేసరికి ‘సార్’ అంటే కోపమొచ్చిందేమో అనుకుంటారు. ‘వేయించండి’ అని కావాలనే రాశాను. అలాంటి యూనిట్లలో డబ్బు వేసేది చాలావరకు లెక్కలు చూసే గుమాస్తా. ఓనరుకు ఒక మాట చెప్పే పనే మిగులుతుంది, ఆయన ఆలస్యం చేశారని వేలెత్తి చూపినట్టూ ఉండదు. ‘వేస్తారా?’ అని ప్రశ్నలా మాత్రం రాయకు. దానికి ‘చూద్దాంలేమ్మా’ అనే జవాబు తయారుగా ఉంటుంది.

చివర్లో ‘సరిచేయాల్సి ఉంటే చెప్పండి’ అనే వాక్యం ఉత్త మర్యాదకు పెట్టింది కాదు. డబ్బు ఆగడానికి ఒక్కోసారి మనకు చెప్పని కారణం ఉంటుంది: ప్రింటులో పసుపు రంగు ముదురుగా వచ్చిందనో, బిల్లు వేరే పేరు మీద కావాలనో. ఉంటే ఈ వాక్యంతో బయటికొస్తుంది. లేకపోతే ఇవ్వకపోవడానికి ఆయన దగ్గర సాకు మిగలదు.

ఇక గురువారం ఎందుకన్నానంటే, మంగళ, శుక్రవారాల్లో డబ్బు చేతిలోంచి పోనివ్వడానికి ఇష్టపడని వ్యాపారులు మనవైపు చాలామంది. శుక్రవారం గడువు పెడితే అది సోమవారానికి జారుతుంది. సోమవారం పొద్దున పదిన్నర, పదకొండు మధ్య పంపు, గుమాస్తా కూర్చునే వేళ అది. రాత్రి తొమ్మిదికి పంపిన మెసేజ్ తెల్లారేసరికి మిగతావాటి కింద పడిపోతుంది.

బెరుకు తగ్గించుకోమంటే కొందరు అవతలి గట్టుకు దూకేస్తారు. ‘ఇప్పటికే చాలా ఆలస్యమైంది’ అని మొదటిసారి గుర్తుచేసేటప్పుడే రాయొద్దు. ‘ఇంట్లో ఇబ్బందిగా ఉంది, డబ్బు చాలా అవసరం’ అని అసలే వద్దు. పని చేసి సంపాదించుకున్న సొమ్ము అప్పుడు సాయం అడిగినట్టవుతుంది.

జవాబు రెండు రకాలుగా రావచ్చు. ‘సీజన్ లెక్కలు తేలాక చూద్దాంలేమ్మా’ అంటే, ‘సరే అంకుల్, ఏ తేదీకి వేయిస్తారో చెప్పండి, రాసుకుంటాను’ అని పంపు. సీజన్ నిజమే, కాదనకు, కానీ తేదీ లేకుండా సరే అనకు. మొత్తం ఒకేసారి కష్టమంటే 6,000 ఇప్పుడు, 6,000 నెలాఖరుకు అని నువ్వే చెప్పొచ్చు.

అసలు జవాబే రాకపోతే శనివారం పొద్దున ఫోన్ చెయ్యి. ‘అంకుల్, 12,000 బిల్లు గురించి చేశాను. ఎప్పుడు వేయిస్తారు?’ అంతే, కాగితం మీద రాసుకుని చదివినా ఫర్వాలేదు. ఆ తర్వాత ఆయన మాట్లాడేదాకా నోరు విప్పకు. మొహమాటస్థులు బోల్తాపడేది ఇక్కడే: రెండు క్షణాలు నిశ్శబ్దం రాగానే ‘పర్లేదులెండి, తర్వాతైనా...’ అని వాళ్లే గడువు వదిలేస్తారు. ఆయన తేదీ చెప్పగానే ఫోన్ పెట్టేసి, ‘ఫోన్‌లో అనుకున్నట్టు 20వ తేదీకి రూ.12,000. థాంక్స్ అంకుల్’ అని వాట్సాప్‌లో పెట్టు. నోటిమాటకు అదే రాత.

నాన్నతో మాత్రం అడిగించొద్దు. ఆయన అడిగితే ఇది స్నేహితుల మధ్య విషయమైపోతుంది, ‘నీ కూతురు నా కూతురు కాదా’ అన్న మాటతో తేదీ ఎగిరిపోతుంది. అమ్మకు మెసేజ్ చదివి వినిపించు. అందులో నొప్పించే మాట ఎక్కడుందో చూపించమను.

వచ్చే పనికి బిల్లు మీద ‘చెల్లించాల్సిన తేదీ’ అని ఒక గడి పెట్టుకో. సగం అడ్వాన్సు తీసుకో, మిగతా సగం అందాకే ప్రింటుకు పనికొచ్చే ఫైళ్లు ఇవ్వు. అప్పటిదాకా అడ్డంగా నీ పేరున్న నమూనా చాలు. ఫైళ్లన్నీ ముందే చేతికిచ్చేశావు కాబట్టే ఇప్పుడు నీ దగ్గర మెసేజ్ తప్ప పట్టు లేదు.

ఆ పని మొదలయ్యేలోపే చిన్న సంస్థలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకో. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం, చిన్న సంస్థల దగ్గర పని చేయించుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందంలో రాసుకున్న గడువులోగా డబ్బు కట్టాలి. ఆ గడువు 45 రోజులకు మించకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే వడ్డీ కూడా కట్టాలి. ఈ చట్టం మాట అంకుల్‌కు పంపే మెసేజ్‌లో ఎత్తకు, ఆ అవసరం ఇంకా రాలేదు. రిజిస్ట్రేషన్‌కు ఆధార్, పాన్ ఉంటే చాలు, ఫీజు లేదు. ప్రభుత్వ సైటు udyamregistration.gov.in. అచ్చం అలాగే కనబడుతూ డబ్బులడిగే సైట్లున్నాయి, అడ్రసు సరిచూసుకుని తెరువు.